కంటి పరీక్ష తర్వాత సీటు మార్పు, కళ్లజోడు ఖర్చు కోరుతూ మేనేజర్‌కు ఉత్తరం ఎలా రాయాలి

విజయనగరంలో ఒక ప్రైవేటు కంపెనీ అడ్మిన్ సెక్షన్‌లో పని చేస్తున్నాను. సీటు మార్చమని, ఫ్యాన్ కావాలని, కుర్చీ విరిగిందని వచ్చే ఉత్తరాలు మొదట నా టేబుల్ మీదే పడతాయి. కంటి సమస్య మీద వచ్చేవి ఈమధ్య ఎక్కువయ్యాయి. వాటిలో చాలావరకు తిరిగి వెళ్లిపోతాయి. రాసినవాళ్ల బాధ నిజమే, కానీ ఆ కాగితం చదివి మేనేజర్ ఏం చేయాలో అందులో ఉండదు.

శ్రీకాకుళంలో అకౌంట్స్ చూసే మా బావమరిది రాసిన మొదటి ఉత్తరం కూడా అలాంటిదే. వయసు నలభై ఆరు. కంటి పరీక్ష చేయించుకున్నాడు, చత్వారం అన్నారు, చదవడానికి +1.75 అద్దాలు రాశారు. ఇంటర్నెట్‌లో దొరికిన ఇంగ్లీషు నమూనా ఒకటి తీసుకుని, "అధిక కంప్యూటర్ పని వల్ల నా కళ్లు దెబ్బతిన్నాయి, కంపెనీ పాలసీ ప్రకారం విజన్ అలవెన్స్ మంజూరు చేసి, నా వర్క్‌స్టేషన్ మార్చగలరు" అని పంపాడు. రెండు రోజుల్లో ఒక్క ముక్కలో జవాబు వచ్చింది: అలాంటి పాలసీ ఏదీ లేదు.

ఆ ఆదివారం బస్సెక్కి మా ఇంటికి వచ్చాడు. "ఏటి బావా, కళ్లజోడు పెట్టినా స్క్రీన్ మసకే, తీసినా మసకే. మేనేజర్ చూస్తే పాలసీ లేదంటాడు" అన్నాడు. అప్పుడు ఇద్దరం కూర్చుని రెండో ఉత్తరం తయారు చేశాం. అది ఎలా తయారైందో వరసగా చెబుతాను. మీ కంటి పవర్, మీ ఆఫీసు గది వేరుగా ఉన్నా పద్ధతి ఇదే.

ముందు టేపు పట్టుకోండి

ఉత్తరానికి కూర్చునే ముందు, వీలైతే కంటి పరీక్షకు వెళ్లే ముందే, దర్జీ టేపు ఒకటి ఆఫీసుకు తీసుకెళ్లండి. రోజూ ఎలా కూర్చుంటారో అలాగే వెనక్కి ఆనుకుని కూర్చోండి. కంటి దగ్గర నుంచి స్క్రీన్ వరకు ఎన్ని సెంటీమీటర్లో పక్కవాళ్లను కొలవమనండి. అలాగే కాగితాలు, వోచర్లు పెట్టుకుని చూసే దూరం. మూడో కొలత, స్క్రీన్ పై అంచు మీ కంటికి ఎంత పైన ఉంది, లేదా ఎంత కింద ఉంది.

మా వాడి కొలతలు ఇవి: స్క్రీన్ 72 సెంటీమీటర్ల దూరం, కాగితాలు 45, స్క్రీన్ పై అంచు కంటికి 14 సెంటీమీటర్లు పైన. టేబుల్ మీద చోటు కలిసొస్తుందని మానిటర్‌ని సీపీయూ డబ్బా మీద ఎక్కించారు. మన ఆఫీసుల్లో సగం మానిటర్లు అలాగే ఉంటాయి.

ఈ కొలతలు ఎందుకో తెలియాలంటే అద్దాల లెక్క కొంచెం తెలియాలి. కష్టమేమీ లేదు. చత్వారం అంటే దగ్గరి వస్తువు మీద చూపు నిలిపే శక్తి కంటిలోని కటకానికి వయసుతో తగ్గిపోవడం. ఆ మాటలోనే నలభై ఉంది. తగ్గిన శక్తిని చదివే అద్దం భర్తీ చేస్తుంది. కానీ అది దగ్గరి దూరానికే పని చేస్తుంది. 100ని అద్దం పవర్‌తో భాగిస్తే, ఆ అద్దం పెట్టుకుని ఎంత దూరం వరకు స్పష్టంగా చూడగలరో సెంటీమీటర్లలో వస్తుంది. దూరపు చూపుకి ఏ పవరూ లేనివాళ్లకు వర్తించే లెక్క ఇది. మా వాడికి దూరపు పవర్ లేదు. 100ని 1.75తో భాగిస్తే 57. అంటే 57 సెంటీమీటర్లు దాటితే మసక. స్క్రీన్ ఉన్నది 72లో.

పుస్తకం చదివితే అద్దాలు బ్రహ్మాండంగా ఉన్నాయి, ఆఫీసుకెళ్తే పనికిరావు అన్నాడంటే కారణం అదే. అద్దాల్లో తప్పు లేదు. స్క్రీన్ కనబడేందుకు పదిహేను సెంటీమీటర్లు ముందుకు వంగేవాడు, సాయంత్రానికి మెడ పట్టేసేది. చూపు మసక, మెడనొప్పి రెండు వేర్వేరు జబ్బులనుకున్నాడు. రెండింటికీ మూలం ఈ పదిహేను సెంటీమీటర్లే.

మీరు వాడేది రెండు భాగాల అద్దమైతే, అంటే పైన దూరానికి, కింద చదవడానికి ఉండే బైఫోకల్ అయితే, గుర్తు ఇంకోలా ఉంటుంది. స్క్రీన్‌ని కింది భాగంలోంచి చూడాలని గడ్డం పైకెత్తుతారు. ఎవరినైనా పక్కనుంచి ఒక ఫోటో తీయమనండి. గడ్డం లేచి ఉంటే విషయం తెలిసిపోయినట్టే.

కంటి పరీక్షలో అడగాల్సిన ఒక్క మాట

మామూలుగా చదివే పవర్‌ని సుమారు 40 సెంటీమీటర్ల దూరంలో చిన్న అక్షరాల కార్డు పట్టించి తేలుస్తారు. మీరు చెప్పకపోతే మీ స్క్రీన్ ఎంత దూరంలో ఉందో పరీక్ష చేసేవాళ్లకు తెలిసే దారి లేదు. కాబట్టి కొలతలు రాసుకున్న చీటీ ఇచ్చి, "నేను రోజుకి ఎనిమిది గంటలు 72 సెంటీమీటర్ల దూరంలో స్క్రీన్ చూస్తాను. ఆ దూరంలో కూడా ఒకసారి పరీక్షించండి" అని అడగండి. అడిగితే ఆ కార్డునే ఆ దూరంలో పట్టుకుని చూస్తారు. కళ్లలో చుక్కలు వేస్తే కొన్ని గంటలు దగ్గరివి మసకగా ఉంటాయి, వెలుతురు భరించలేరు. ఆ రోజు సెలవు పెట్టుకోండి, బండి మీద వెళ్లకండి.

పరీక్ష అప్పటికే అయిపోయి ఉంటే మళ్లీ వెళ్లండి. మా వాడు అదే చేశాడు. స్క్రీన్ దూరానికి +1.00 సరిపోతుందని తేలింది. పై లెక్క ప్రకారం +1.00తో మీటరు దూరం దాకా స్పష్టంగా కనబడుతుంది. 72 అందులో హాయిగా పడుతుంది. అయితే లెక్క మనకు అర్థం కావడానికే. పవర్ తేల్చాల్సింది పరీక్ష చేసినవాళ్లే. దూరపు చూపుకి పవరో, అడ్డంగా ఒకటి నిలువుగా ఒకటి పవర్ ఉండే సిలిండర్ అద్దమో ఉన్నవాళ్లకు ఈ లెక్క ఇంత సూటిగా కుదరదు.

బయటికొచ్చే ముందు ఒక చిన్న కాగితం అడిగి తీసుకోండి. మందుల చీటీ కాదు, పవర్ పట్టిక కాదు. పరీక్ష చేసిన డాక్టరుగానీ ఆప్టోమెట్రిస్టుగానీ మూడు నాలుగు వాక్యాల్లో రాసిచ్చే సర్టిఫికెట్. మా వాడికి రాసిచ్చినదాని సారాంశం ఇది:

"వీరు రోజుకు సుమారు 8 గంటలు 72 సెం.మీ. దూరంలోని కంప్యూటర్ తెర మీద పని చేస్తారు. చదవడానికి వాడే అద్దాలు ఈ దూరానికి సరిపోవు. ఈ దూరానికి విడిగా అద్దాలు అవసరం. కళ్లు పొడిబారే లక్షణాలు ఉన్నాయి. ముఖానికి నేరుగా ఏసీ గాలి, కంటికి ఎదురుగా ఎండ తగలని చోట పని చేయడం మంచిది."

ఉత్తరానికి బలమంతా ఈ కాగితమే. మేనేజర్ మీ మాట నమ్మాడా లేదా అన్న ప్రశ్న ఇక్కడితో పోతుంది. ఇది చాలు కాబట్టి మొత్తం కంటి రిపోర్టు జత చేయకండి. అందులో షుగర్ ఉందనో, కంటి ప్రెజర్ ఎక్కువనో రాసి ఉండొచ్చు. అది ఆఫీసు ఫైల్లోకి వెళ్తే ఎంతమంది చేతులు మారుతుందో నాకు బాగా తెలుసు.

సీటు దగ్గర మూడు చిన్న పరీక్షలు

"సీటు మార్చండి" అంటే మేనేజర్ మొదట అడిగేది, ఈ సీటుకేమైంది అని. దానికి జవాబు మీ దగ్గర ఉండాలి. పది నిమిషాల పని.

మొదట స్క్రీన్ ఆఫ్ చేసి, నల్లటి తెర వైపు చూడండి. అందులో కిటికీయో, ట్యూబ్‌లైటో మెరుస్తూ కనబడితే మీ వెనక నుంచి వెలుతురు తెర మీద పడుతోంది. తర్వాత స్క్రీన్ వేసి పని చేస్తూ, ఎండలో దూరంగా చూసేటప్పుడు పెట్టినట్టు అరచెయ్యి నుదుటికి అడ్డం పెట్టండి. వెంటనే కళ్లకు హాయిగా అనిపిస్తే ఇబ్బంది మీ ఎదురుగా ఉన్న వెలుతురుది. మా వాడిది ఈ రెండో రకం. పడమటి కిటికీకి ఎదురుగా కూర్చుంటాడు, మూడు గంటలయ్యేసరికి సూర్యుడు మానిటర్ పక్కనుంచి తొంగిచూస్తాడు. అదే కిటికీని పొద్దున్న పదకొండుకి మేనేజర్ వచ్చి చూస్తే "బాగానే ఉంది కదా" అంటాడు. అందుకే ఫోటో ఎప్పుడు తీశారో ఆ టైము ఉత్తరంలో రాయండి.

మూడోది దారం పరీక్ష. జానెడు దారం పోగు ఒకటి కంటి ఎత్తులో పట్టుకోండి. అది మీ ముఖం వైపు కొట్టుకుంటుంటే ఏసీ గాలి నేరుగా కళ్లలోకి వస్తోందన్నమాట. స్క్రీన్ చూసేటప్పుడు మనం రెప్పలు వేయడం తగ్గిపోతుంది. దానికి గాలి తోడైతే కంటి తడి తొందరగా ఆరిపోయి ఇసుక పడ్డట్టు గరగరలాడతాయి.

ఇక్కడే మానిటర్ ఎత్తు సంగతి కూడా ఉంది. పైకి చూస్తే రెప్పలు బాగా తెరుచుకుని కన్ను ఎక్కువగా గాలికి బయటపడుతుంది. కొంచెం కిందికి చూస్తే రెప్ప కొంత కప్పుతుంది, తడి నిలుస్తుంది. మానిటర్ పై అంచు కంటి ఎత్తుకు సమానంగా, లేదా కాస్త కిందగా ఉండాలనేది అందుకే. మెడకూ అదే మంచిది. సీపీయూ డబ్బాని కింద పెట్టడానికి పైసా ఖర్చు లేదు. అయినా ఉత్తరంలో రాయండి, ఎందుకో తర్వాత చెబుతాను.

డబ్బు మాట ఎలా అడగాలి

మా బావమరిది మొదటి ఉత్తరం ఓడిపోయింది "అలవెన్స్" అన్న మాట దగ్గర. అలవెన్స్ అంటే జీతంలో నెలనెలా వచ్చే భత్యం. అది ఇవ్వాలంటే జీతాల పట్టికే మారాలి, ఒకరికిస్తే అందరికీ ఇవ్వాలి. ఊళ్లో బ్రాంచి మేనేజర్‌కి ఆ అధికారం ఉండదు. ఆయన చేతిలో ఉండేది చిన్న ఖర్చుల పద్దు. కాబట్టి మీకు కావాల్సింది "ఒక్కసారి, బిల్లు మీద, కళ్లజోడు ఖర్చు తిరిగి చెల్లింపు". కంపెనీ నియమావళిలో విజన్ అలవెన్స్ అని నిజంగానే ఉంటే ఆ పేరుతోనే, ఆ నిబంధన నంబరుతో అడగండి. అది ముందు హెచ్ఆర్‌ని అడిగి తెలుసుకోండి, ఊహించి రాయకండి.

ఇంటర్నెట్ నమూనాల్లో అది హక్కులా ఎందుకు కనబడుతుందంటే, అవి వేరే దేశాలవి. యూరప్‌లో 1990 నాటి ఆదేశం ఒకటుంది. స్క్రీన్ ముందు పని చేసేవాళ్లకు కంటి పరీక్ష, మామూలు కళ్లజోడు ఆ పనికి సరిపోకపోతే ప్రత్యేక అద్దాలు యజమానే ఇవ్వాలని దాని సారాంశం. మన ప్రైవేటు ఆఫీసుల్లో కళ్లజోడుకి అలాంటి హక్కు లేదు. వెలుతురు గురించి మాత్రం మన దగ్గరా పాత మాటే ఉంది. కళ్లకు శ్రమ కలిగించే మిరుమిట్లు, నీడలు లేకుండా చూడాలని 1948 ఫ్యాక్టరీల చట్టం 17వ సెక్షన్ చెప్పింది. కానీ అది ఫ్యాక్టరీలకు సంబంధించింది, 2025 నవంబర్‌లో దాని స్థానంలో కొత్త కార్మిక కోడ్ వచ్చింది. మీ ఆఫీసు ఫ్యాక్టరీ ఆవరణలో ఉన్నా మొదటి ఉత్తరంలో చట్టం ఎత్తకండి. చట్టం పేరు కనబడగానే మేనేజర్ ఆ కాగితాన్ని హెడ్డాఫీసుకి పంపి చేతులు దులుపుకుంటాడు. నేనైనా అదే చేస్తాను.

ఇన్సూరెన్స్ సంగతి. కంపెనీ తీసిన గ్రూప్ హెల్త్ పాలసీలు ప్రధానంగా ఆస్పత్రిలో చేరినప్పటి ఖర్చుకే. కళ్లజోడు సాధారణంగా మినహాయింపుల్లో ఉంటుంది. అయినా ఒకసారి పాలసీ కాగితం చూడండి. జీతంలో ఈఎస్ఐ కోత ఉన్నవాళ్లు ముందు ఈఎస్ఐ డిస్పెన్సరీలో అడగండి. అడిగి రాకుండా ఉత్తరం రాస్తే మేనేజర్ వేసే మొదటి ప్రశ్న అదే.

షాపు నుంచి అంచనా కాగితం తీసుకోండి. అందులో అద్దాలు, ఫ్రేము వేరువేరుగా రాయించండి. మా వాడికి ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర షాపులో ఇచ్చిన మొదటి అంచనాకి కంటి పరీక్ష ఫీజు కలిపితే 3,400 రూపాయలు. దాంట్లో 800 బ్లూ కట్ పూతకి. అది తీయించేశాం. నీలికాంతిని ఆపే అద్దాలతో కంటి అలసట తగ్గుతుందనడానికి ఆధారం కనబడలేదని, వైద్య పరిశోధనలను బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 17 ప్రయోగాలను కలిపి చూసి 2023లో చెప్పింది. కంపెనీ డబ్బు అడుగుతూ అలాంటిది కలిపితే మిగతా అంకెల మీద కూడా అనుమానం వస్తుంది. మిగిలింది 2,600: అద్దాలు 1,400, మామూలు ఫ్రేము 900, రెండోసారి కంటి పరీక్ష 300. నచ్చిన ఖరీదైన ఫ్రేము కావాలంటే పై తేడా మీరే పెట్టుకోండి.

పన్ను గురించి కూడా ఒక మాట. పూర్వం ఏడాదికి 15,000 రూపాయల దాకా వైద్య ఖర్చుల చెల్లింపు మీద పన్ను మినహాయింపు ఉండేది. 2018 ఏప్రిల్ నుంచి అది తీసేశారు. మీకిచ్చే డబ్బును అకౌంట్స్ వాళ్లు జీతంలో కలిపి చూపిస్తే ఆశ్చర్యపోకండి.

ఇప్పుడు ఉత్తరం

తెలుగులో రాయాలా ఇంగ్లీషులోనా అంటే, మీ ఆఫీసులో ఫైళ్లు ఏ భాషలో నడిస్తే ఆ భాషలో. పేజీ దాటకూడదు. మేము రాసింది ఇది. పేర్లు, తేదీలు మాత్రం తీసేశాను.

తేదీ: ........
స్థలం: శ్రీకాకుళం

గౌరవనీయులైన బ్రాంచ్ మేనేజర్ గారికి,

విషయం: కంటి పరీక్ష తర్వాత సీటు స్థానం మార్పు, కంప్యూటర్ పనికి కావాల్సిన కళ్లజోడు ఖర్చు చెల్లింపు కోరుతూ.

అయ్యా,

నేను అకౌంట్స్ విభాగంలో తొమ్మిదేళ్లుగా పని చేస్తున్నాను. కొన్ని నెలలుగా స్క్రీన్ మీద అంకెలు మసకగా కనబడటంతో కంటి పరీక్ష చేయించుకున్నాను. వయసుతో వచ్చే చత్వారం అని, కళ్లు పొడిబారుతున్నాయని తేలింది. చదివే అద్దాలు నా స్క్రీన్ ఉన్న 72 సెం.మీ. దూరానికి సరిపోవని, ఆ దూరానికి విడిగా అద్దాలు అవసరమని ఇచ్చిన సర్టిఫికెట్ జత చేస్తున్నాను.

ప్రస్తుతం నా సీటు పడమటి కిటికీకి ఎదురుగా ఉంది. మధ్యాహ్నం 3 నుంచి 5 వరకు ఎండ నేరుగా కళ్లలో పడుతోంది (3.40కి తీసిన ఫోటో జత చేశాను). ఎదుటి గోడ మీది ఏసీ గాలి ముఖానికి తగులుతోంది. మానిటర్ సీపీయూ మీద ఉండటం వల్ల దాని పై అంచు కంటికి 14 సెం.మీ. పైన ఉంది. గత నెల రెండు వోచర్లలో 3ను 8గా ఎక్కించి, సాయంత్రం లెక్క కుదరక మళ్లీ వెతికి సరిచేశాను.

కాబట్టి ఈ కింది వాటికి అనుమతి కోరుతున్నాను:

1. నా టేబుల్‌ను ఉత్తరపు గోడ వైపు తిప్పడం. అప్పుడు కిటికీ నాకు ఎడమ పక్కకు వస్తుంది, ఏసీ గాలి తగలదు. ఆ గోడకు ప్లగ్ పాయింట్, నెట్‌వర్క్ పాయింట్ ఉన్నాయి.
2. సీపీయూను కింద పెట్టి మానిటర్‌ను దించడం, స్క్రీన్‌కు నాకు మధ్య సుమారు 70 సెం.మీ. దూరం ఉండేలా టేబుల్ అమర్చడం.
3. కంప్యూటర్ పనికి వాడే కళ్లజోడు, కంటి పరీక్ష ఖర్చు రూ. 2,600 ఒక్కసారి బిల్లు మీద చెల్లించడం. అంచనా పత్రం జత చేశాను.

మొదటి రెండింటికీ ఖర్చు లేదు. ఆదివారం నేనే వచ్చి అటెండర్ సాయంతో మార్చుకోగలను. మూడోది మొత్తం వీలుకాకపోతే అద్దాల వరకైనా పరిశీలించగలరు.

ఇట్లు,
విధేయుడు
(పేరు, ఉద్యోగి నంబర్)

జతలు: 1. కంటి సర్టిఫికెట్ 2. సీటు ఫోటో 3. షాపు అంచనా పత్రం

ఆ ఉత్తరంలో ఏది ఎందుకు ఉంది

"కంప్యూటర్ వల్ల కళ్లు పోయాయి" అన్న మాట తీసేశాం. చత్వారం కంప్యూటర్ తెచ్చింది కాదు, పొలంలో పని చేసేవాళ్లకూ వస్తుంది. తప్పు కంపెనీదే అంటే కంటి డాక్టరే మీతో ఏకీభవించడు, మేనేజర్ కంపెనీని వెనకేసుకొచ్చే పనిలో పడతాడు. "వయసుతో వచ్చింది" అని మనమే ఒప్పుకుని, "ఈ సీటులో ఈ పని చేయడం కష్టమవుతోంది" అంటే వాదించడానికి ఏమీ మిగలదు.

3, 8 తప్పు రాయడానికి మా వాడు చాలా భయపడ్డాడు. "నా తప్పు నేనే రాసిస్తే మెమో ఇస్తారేమో బావా" అని. ఆ భయం న్యాయమే. నేను ఒప్పించడానికి కారణం, ఆ తప్పు ఆ రోజే అతనే పట్టుకుని సరిచేశాడు, నష్టం జరగలేదు. సరిచేయని తప్పు, డబ్బు పోయిన తప్పు ఉంటే మాత్రం ఉత్తరంలో రాయొద్దు. అప్పుడు "సాయంత్రం కూడికలు రెండుసార్లు సరిచూసుకోవాల్సి వస్తోంది" అంటే చాలు. మేనేజర్‌కి మీ కంటి నొప్పి కంటే ముందు పని ఆలస్యమే కనబడుతుంది. మనుషులు అంతే.

ప్లగ్ పాయింట్ సంగతి చిన్నదిగా కనబడుతుంది. నా అనుభవంలో సీటు మార్పులు ఆగిపోయేది అక్కడే. మేనేజర్ సరేనంటాడు, తర్వాత కరెంటు పని, వైరింగ్ అంటూ మూడు నెలలు పోతుంది. ఏ గోడ, ఏ పాయింట్ అని ముందే చూసి రాస్తే ఆ సాకు ఉండదు. ఎవరి సీటునీ కదిలించని చోటే అడగండి. ఇంకొకరిని లేపాల్సి వస్తే ముందు వాళ్లతో మాట్లాడి, వాళ్లు ఒప్పుకున్నారని రాయండి.

సీపీయూ దించడానికి ఉత్తరమెందుకు అన్న ప్రశ్నకు జవాబు ఇప్పుడు. మూడింట్లో రెండు ఉచితమైనప్పుడు మేనేజర్‌కి "సరే" అనడానికి తేలికైన దారి దొరుకుతుంది. రెండింటికి సంతకం పెట్టిన చెయ్యి మూడోదాన్ని పూర్తిగా కొట్టేయడానికి కొంచెం సంకోచిస్తుంది. అన్నిటికంటే ముఖ్యం, 70 సెంటీమీటర్ల దూరం రాతపూర్వకంగా నమోదవుతుంది. రేపు ఇరుకు టేబుల్ ఇచ్చి స్క్రీన్‌ని 45కి జరిపితే ఈ కళ్లజోడు మళ్లీ అక్కరకు రాదు.

ఇచ్చాక

రెండు కాపీలు తీసుకెళ్లండి. ఒకటి ఇచ్చి, రెండోదాని మీద అందినట్టు సంతకం, తేదీ వేయించుకోండి. ఈమెయిల్‌లో పంపినా, కాగితం చేతికిచ్చి రెండు నిమిషాలు మాట్లాడండి. నెలాఖరు లెక్కల టైములో మాత్రం వెళ్లకండి. వారం పని దినాలు చూసి, జవాబు లేకపోతే ఉత్తరం తేదీ చెప్పి ఒక్క వాక్యంలో గుర్తు చేయండి.

కళ్లజోడు ఆర్డరు తొందరపడి ఇవ్వకండి. ముందు సీటు కుదరాలి, కొత్త చోట కూర్చుని మళ్లీ టేపు పెట్టి కొలవాలి, దూరం బాగా మారితే షాపుకి కాదు, పరీక్ష చేసినవాళ్ల దగ్గరికి వెళ్లి చెప్పాలి. ఆ తర్వాతే అద్దాలు. బిల్లు మీ పేరుతో, జీఎస్టీ నంబరుతో, అద్దాలు, ఫ్రేము విడిగా ఉండేలా తీసుకోండి. చేతిరాత చీటీని మా అకౌంట్స్ అయితే వెనక్కి పంపేస్తుంది.

కొత్త అద్దాలు వచ్చాక రెండు విషయాలు చూసుకోండి. వెనక్కి ఆనుకుని కూర్చున్నప్పుడు స్క్రీన్ స్పష్టంగా ఉందా, లేక ఇంకా ముందుకు వంగుతున్నారా. వంగుతుంటే పవర్ ఎక్కువైందనో, స్క్రీన్ దూరమైందనో అనుకోవాలి. ఆ అద్దాలతో గదికి ఆ చివర ఉన్న గడియారం మసకగా కనబడటం మాత్రం మామూలే, అవి దాని కోసం చేసినవి కావు. వాటితో బండి నడపకూడదు. ఇక కళ్లముందు మెరుపులు, ఉన్నట్టుండి నల్లటి చుక్కల వాన, ఒక పక్క తెర దిగినట్టు నీడ కనిపిస్తే ఇది సీటు సమస్య కాదు. ఉత్తరాలు పక్కన పెట్టి ఆ రోజే కంటి డాక్టరు దగ్గరికి వెళ్లండి.

మా వాడి ఉత్తరానికి తొమ్మిదో రోజున జవాబు వచ్చింది. టేబుల్ తిప్పుకోమన్నారు, సీపీయూ దించుకోమన్నారు. డబ్బులో అద్దాల 1,400 మాత్రమే ఇస్తామన్నారు, ఫ్రేము, పరీక్ష ఖర్చు సొంతం. ఒప్పుకోమన్నాను. ఆదివారం టేబుల్ తిప్పాక కొలిస్తే స్క్రీన్ 68 సెంటీమీటర్లలో వచ్చింది, +1.00కి ఇబ్బంది లేదు. సోమవారం సాయంత్రం ఫోన్ చేశాడు. ఎండ పోయింది, గాలి పోయింది, కానీ వెనకనున్న ట్యూబ్‌లైటు ఇప్పుడు స్క్రీన్‌లో గీతలా కనబడుతోందట. మానిటర్ పై అంచుని రెండు వేళ్ల మందం ముందుకు వంచి చూడమన్నాను. ఫోన్ పక్కన పెట్టి వంచాడు. "పోయింది బావా" అన్నాడు.